అనూరాధ నాటి లగ్నం

జనగామలో ఎక్కిన బస్సు రఘునాథపల్లి దాటగానే టైరు పేలి ఆగింది. నాకు తొందర లేదు. చాలా ఏళ్ళుగా నాకు ఎక్కడా తొందర లేదు. ఎదురుచూసే ఇల్లు ఉన్నవాడికే బస్సు ఆగితే కోపమొస్తుంది. మిగతావాళ్ళు డ్రైవరునీ ఎండనీ వరసగా తిట్టి అలిసిపోయాక వెనకాల ఇంకో బస్సు వచ్చింది. కండక్టరమ్మ చెయ్యడ్డంపెట్టి ఆపి, మందిని అందులోకి తోలింది.

ఒక్క మనిషి మాత్రం కల్వర్టు గోడ మీద కూర్చుని కదల్లేదు. అరవై దాటినవాడు. ఉతికిన తెల్ల ధోవతి, భుజాన తువ్వాల, ఒళ్ళో మూత కట్టిన ప్లాస్టిక్ బుట్ట.

"తాతా, ఎక్కుతవా లేదా? బస్సు మీ ఇంటిది కాదు," అంది కండక్టరమ్మ.

"నువ్వు పో బిడ్డా. తొమ్మిది దాటినంక వేరేది ఎక్కుత."

"తొమ్మిదికేమున్నది?"

"ఇయ్యాల సోమారం గదా. రాహుకాలం నడుస్తాంది."

"మరి జనగామల ఎక్కినప్పుడు రాహువు పండుకున్నడా?"

"అప్పటికి రాహుకాలం పడలే. ఎక్కిన పయనం నడుస్తనే ఉంటది, దానికి దోషం లేదు. దిగి మల్ల ఎక్కితే మల్ల బయలెల్లినట్టే."

"అట్లయితే దిగుడెందుకు? పేలిన బస్సులనే కూసోకపోయినవ్!"

బస్సులోవాళ్ళు గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వబోయి ఆగిపోయాడు. ఆ ఆగిపోవడం చూసి నేను మెట్టు మీంచి వెనక్కి దిగాను. కండక్టరమ్మ నా వంక కూడా ఒక చూపు చూసి, విజిలు ఊది వెళ్ళిపోయింది.

"మీకు గూడ పట్టింపేనా సారూ?" అన్నాడాయన.

"లేదు. నీడ బాగుంది, కూర్చుందామని."

ముహూర్తమంటే పెళ్ళిపత్రిక మీద అచ్చువేసే ఆ ఒక్క నిమిషం అనుకుంటాం మనం. అసలు అదొక కొలత. పగలూ రాత్రీ కలిపి ముప్పై ముక్కలు చేస్తే ఒక ముక్క, అంటే రెండు ఘడియలు. ఘడియను కొలవడానికి అడుగున చిల్లున్న రాగిగిన్నెను నీళ్ళ మీద వదిలేవారు. గిన్నె మునిగితే ఒక ఘడియ. అలాంటి గిన్నె ఒకదాన్ని గుజరాత్‌లో ఏదో ఊరి మ్యూజియంలో చూశాను. సూదిమొన పట్టేంత చిల్లు, చుట్టూ పచ్చగా చిలుము. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎన్ని పెళ్ళిళ్ళు ఈ చిల్లులోంచి దూరి వెళ్ళాయో అనిపించింది. ఇప్పుడా పని సెల్‌ఫోను చేస్తోంది. ఆ పెద్దమనిషి ఫోనులో కూడా పంచాంగం ఉంది. రెండు నిమిషాలకోసారి తీసి చూస్తున్నాడు.

పేరు ఎల్లస్వామి. జనగామ పక్క పల్లె. పత్తీ వరీ వేస్తాడు. ఊళ్ళో ఆయన్ని "పంచాంగం ఎల్లన్న" అంటారట. ఆ మాట ఆయనే చెప్పాడు, కొంచెం గర్వంగానే. విత్తనం పెట్టాలన్నా, మోటరు దించాలన్నా, కొడుకును కాలేజీలో చేర్చాలన్నా చూడందే అడుగు వెయ్యడు. ఒకసారి ఎవరినీ అడక్కుండా బోరు వేయిస్తే దుమ్ము వచ్చిందట. మళ్ళీ దినం చూసి, అదే చేలో పదడుగులు అవతల వేయిస్తే నీళ్ళు ఎగజిమ్మాయట.

"పదడుగులు జరిపినందుకు పడ్డాయేమో," అన్నాను.

"అందరు గట్లనే అంటరు సారూ. పదడుగులు జరుపుమని బుద్ధి పుట్టింది ఎందుకు?"

ఈ ప్రశ్న నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

తొమ్మిది దాటింది. ఇంకో నిమిషం ఆగి లేచాడు. తర్వాతి బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. స్టేషన్ ఘన్‌పూర్ వచ్చేలోపల అసలు విషయం చెప్పాడు. కొడుకు పెళ్ళి. మడికొండలో పెళ్ళికూతురి వాళ్ళింటికి పోతున్నాడు, ఈ రోజే పెళ్ళి చేసెయ్యమని అడగడానికి. లగ్నం లేకుండా.

రాహుకాలంలో బస్సెక్కని మనిషి ముహూర్తం లేని పెళ్ళి అడగబోతున్నాడు. నేను ఆయన ముఖం వంక చూశాను. తమాషా చేస్తున్నట్టు లేదు.

"మా ఇంటామె చిలుకమ్మ వరంగల్ల పెద్ద దవాఖానల ఉన్నది. కార్జం, అదే లివరు, మొత్తం పాడైంది. దినాలల్లనే ఉన్నదన్నరు. కొడుకు పెండ్లి కండ్లతోటి చూడాలె. గంతే."

కొడుకు పేరు రమాకాంత్. అది బడిలో వేసిన పేరు. ఇంట్లో, ఊళ్ళో అందరూ "లింగం" అంటారు, ఎల్లస్వామి తండ్రి లింగయ్య పేరు అది. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. అదే ఆఫీసులో పనిచేసే కీర్తన అనే పిల్ల నచ్చింది. పిల్లది క్రైస్తవ కుటుంబం. తండ్రి దేవదానం కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరై మడికొండలో ఇల్లు కట్టుకున్నాడు. ఎల్లస్వామి గొడవ చేస్తాడని కొడుకు భయపడ్డాడట.

"నేనేమనలే సారూ. చర్చిల ప్రార్థన జేసుకుంటమన్నరు, చేసుకోనీ. మా తరఫున జీలకర్ర బెల్లం పెట్టి తాళి కట్టాలె అన్న, సరేనన్నరు. నేను అడిగింది ఒక్కటే, గడియ మా అయ్యగారు చెప్పినదే ఉండాలె. పిల్ల ఏ దేవునికి మొక్కితేంది, తార కుదిరింది."

తార కుదరడం అంటే ఏమిటో ఆయన వేళ్ళ మీద లెక్కించి చూపించాడు. పుట్టిన నక్షత్రం నుంచి పెళ్ళినాటి నక్షత్రం దాకా లెక్కపెట్టి తొమ్మిదితో భాగించాలి. మూడు మిగిలితే విపత్తు, అయిదైతే ప్రత్యక్తార, ఏడైతే నైధనం, చావుతార. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది మంచివి. పిల్ల పుట్టిన గడియ వాళ్ళింట్లో ఎవరూ రాసుకోలేదు. అందుకని పేరులో మొదటి అక్షరం పట్టారు. 'కీ' అంటే మృగశిర. పిల్లవాడు దవాఖానాలో పుట్టాడు కాబట్టి టైము తెలుసు. ఉత్తరా నక్షత్రం.

వాళ్ళ ఊరి పురోహితుడు సుదర్శన్ అయ్యగారు దీపావళి వెళ్ళాక వచ్చే శుక్రవారం పెట్టాడు. కార్తీక శుద్ధ తదియ, అనూరాధ నక్షత్రం. పిల్లవాడికి ఆరు మిగిలింది, సాధనతార. పిల్లకు నాలుగు, క్షేమతార. తర్వాత నాలుగింటిని కూడి పీడ ఉందేమో చూశాడు. తిథి మూడు, వారం ఆరు, నక్షత్రం పదిహేడు, వృశ్చిక లగ్నం ఎనిమిది, మొత్తం ముప్పై నాలుగు. తొమ్మిదులు తీసేస్తే ఏడు. ఈ లెక్కలో మాత్రం ఏడు మంచిదే. లగ్నానికి ఏడో ఇల్లు ఖాళీగా ఉంది, ఎనిమిదోదీ ఖాళీ. గురువు ఉచ్చలో ఉన్నాడు. "ఇసొంటి దినం మల్ల దొరుకది ఎల్లన్నా," అన్నాడట అయ్యగారు.

దేవదానం వాళ్ళు సరేనన్నారు. చర్చి కూడా ఖాళీ ఉంది.

"మరి ఎందుకు కాలేదు?" అన్నాను.

ఎల్లస్వామి కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండిన పత్తికట్టెలు కుప్పలు పోసి ఉన్నాయి.

"నా బుద్ధి. ఇంకొక్కలను అడుగుదామనిపిచ్చింది. మందులకు ఇద్దరు డాక్టర్లను అడుగుతలేమా? జనగామల ఒక అయ్య ఉన్నడంటే పోయిన. 'పిల్లగాని పేరేంది' అన్నడు. నోటికొచ్చింది చెప్పిన, లింగం అని."

'లి' అంటే భరణి. భరణి నుంచి అనూరాధకు లెక్కపెడితే పదహారు. తొమ్మిది తీస్తే ఏడు, నైధనం. పైగా భరణిది మేషరాశి. ఆ రోజు చంద్రుడు వృశ్చికంలో ఉన్నాడు, మేషానికి ఎనిమిదో ఇల్లు. జనగామ అయ్య పంచాంగం మూసి, "ఎవరు పెట్టిండ్రయ్యా ఈ లగ్నం? పిల్లగాని మీద పగున్నదా?" అన్నాడట.

"సర్టిఫికెట్ పేరో, పుట్టిన చుక్కో చెప్పకపోయారా?" అన్నాను.

"చెప్పిన. 'పదిమంది ఏ పేరుతోటి పిలిస్తే ఆ పేరుకే బలం' అన్నడు. ఊరంత లింగమనే పిలుస్తది. నాకది మనసుల పడ్డది. సుదర్శన్ అయ్యగారి దగ్గరికి పోయి లగ్నం మార్చుమన్న. ఆయన నా మొఖం జూసి, 'నీకు అనుమానం పుట్టినంక నేను చెయ్య' అన్నడు. అంతే."

నాకు తెలిసిన సంగతి ఒకటి అప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం ముసలివాళ్ళ రోగం. ఆ రోగం నాకు బాగా ముదిరింది కాబట్టే ఆ పూట జాగ్రత్తపడ్డాను.

ఆ తర్వాత మార్గశిరంలో శుక్ర మూఢం పడింది. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కనిపించకుండా పోయే కాలం. పెళ్ళికి కారకుడైన గ్రహమే లేనప్పుడు పెళ్ళేమిటని ఎవరూ చెయ్యరు. ఈ ఏడు మాఘమాసం మొత్తం అందులోనే పోయింది. హన్మకొండలో ఫంక్షన్ హాళ్ళన్నీ మాఘంలో బోసిపోయి ఉండడం నేను కూడా చూశాను. మామూలుగా అయితే ఆ నెలలో బరాత్‌ల వల్ల రోడ్డు దాటలేం.

ఎల్లస్వామికి మూఢం సంగతి ముందే తెలుసు. ఫికర్ పడలేదు. శివరాత్రి వెళ్ళగానే మూఢం విడుస్తుంది, ఫాల్గుణంలో మంచి లగ్నాలున్నాయి. అయ్యగారిని బతిమాలి ఒకటి పెట్టించుకున్నాడు. ఈసారి పుట్టిన చుక్కకూ, లింగం పేరుకూ కూడా కుదిరింది. పసుపు పూసిన కాగితం పట్టుకుని మడికొండ పోయాడు. దేవదానం కాగితం చూసి, "బావా, ఇవి శ్రమల దినాలు," అన్నాడు.

మూఢం విడిచిన తెల్లవారే భస్మ బుధవారం. అక్కణ్ణుంచి ఈస్టరు దాకా చర్చిలో పెళ్ళిళ్ళుండవు.

"మా పంచాంగం మొత్తం చూసిన సారూ. వాళ్ళకు గూడ ఒకటుంటదని తెల్వది," అన్నాడు ఎల్లస్వామి.

వైశాఖానికి అనుకున్నారు. అప్పటికే చిలుకమ్మ అన్నం ముట్టడం మానేసింది. కార్తీకంలోనే కడుపులో నొప్పి వచ్చేదట. పెళ్ళిపనుల్లో ఎవరికీ చెప్పలేదు.

మడికొండలో ఆయనతోపాటు నేనూ దిగాను. "మీరు కూడ రాండ్రి సారూ, పెద్దమనిషి ఒకరుంటే మాట మంచిగుంటది," అన్నాడు. పెద్దరికం నాకు ఎప్పుడూ ఇలాగే వస్తుంది, దారినపోతుంటే.

దేవదానం ఇంటి ముందు ముగ్గు లేదు, మందారం ఉంది. లోపల గోడ మీద బైబిలు వాక్యం. ఆయన లుంగీ మీద చొక్కా తొడుక్కుంటూ వచ్చాడు. భార్య మార్తమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, నిలబడే ఉంది.

ఎల్లస్వామి బుట్ట మూత విప్పాడు. తమలపాకులు, పసుపు రాసిన దారం, దానికి కట్టిన పసుపుకొమ్ము, చిన్న డబ్బాలో దంచిన జీలకర్ర బెల్లం. "బావా, నాకు లగ్నం వద్దు, బ్యాండు వద్దు. ఇయ్యాల దవాఖానల, మంచం పక్కన, పిల్లగాడు ఈ దారం కడ్తే చాలు. ఆమె చూస్తది."

"దీపావళి ఎల్లిన వారమే మేము రెడీ అంటిమి గదా అన్నా," అంది మార్తమ్మ. "బట్టలు గూడ తెచ్చినం. అప్పుడు మీ లింగమెవరో అడ్డమొచ్చిండు. ఇప్పుడు మా ఉపవాస దినాలల్ల అడుగుతాన్రు."

"మార్తా," అన్నాడు దేవదానం.

"నేను తప్పు మాట్లాడిన్నా? చుట్టాలకేమని చెప్పిన్నో నాకెరుక. పిల్ల పేరు మీద చుక్కలు కుదురలేదట అని నవ్విండ్రు."

"కుదిరినయి చెల్లె. పిల్లవి కుదిరినయి. మావోనివే," అంటూ ఎల్లస్వామి ఆగిపోయాడు.

దేవదానం ఫోను తీసుకుని వరండాలోకి పోయాడు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో "ఆఖరి కోరిక అయ్యగారూ" అన్నది మాత్రం వినిపించింది. పాస్టరును కూడా ఇక్కడ అయ్యగారనే అంటారు. ఎన్ని ఊళ్ళు తిరిగినా గడియ కోసం మనిషి చెయ్యి చాచేది ఎవరో ఒక అయ్యగారి ముందే అనిపించింది. ఆయన తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఒప్పుకున్నరు. పాటలు లేకుంట, పూలదండలు లేకుంట. మంచం దగ్గరికొచ్చి ప్రార్థన చేస్తరంట. తర్వాత నీ దారం నువ్వు కట్టించుకో. పండుగ వెళ్ళినంక చర్చిల రిజిస్టరు రాస్తరు."

మార్తమ్మ ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. కోపంతో కాదని తర్వాత తెలిసింది. కార్తీకంలో కొన్న తెల్ల చీర తీసి కీర్తనకు కట్టించడానికి పోయింది.

ఆటోలో వరంగల్‌కి వెళ్తుంటే ఎల్లస్వామి ముఖంలోకి రక్తం వచ్చింది. కీర్తనతో, "బిడ్డా, మీ అత్త నీకు నువ్వుల ఉండలు జేసి పెట్టింది, చీమలు పట్టినయి," అన్నాడు. ఆ పిల్ల నవ్వి, "చీమలు దులుపుకొని తింట మామయ్యా," అంది. ఎల్లస్వామి ఫోను తియ్యలేదు, గడియ చూడలేదు. చూడకూడదని గట్టిగా అనుకున్నాడేమో, రెండు చేతులతో బుట్టను పట్టుకునే కూర్చున్నాడు.

దవాఖానాలో కొడుకు వార్డు బయటే ఉన్నాడు. గడ్డం పెరిగి, ఆఫీసు ఐడీకార్డు మెడలోనే వేలాడుతోంది. పాస్టరు ఇంకా రాలేదు. మేమంతా లోపలికి పోయాం.

చిలుకమ్మ పచ్చబడిపోయి ఉంది. కళ్ళు మాత్రం అందరినీ ఒక్కొక్కరిగా గుర్తుపట్టాయి. కీర్తన కట్టిన తెల్లచీర దగ్గర ఆగాయి. బుట్ట దగ్గర ఆగాయి.

"పెండ్లా?" అంది.

"అవునే. నువ్వు చూడాలె గదా," అన్నాడు ఎల్లస్వామి.

"ఏ లగ్నానికి?"

దేవదానం ముందుకు వంగి, "ప్రార్థన జేసుకుంటే ఏ గడియైనా మంచిదే చెల్లె," అన్నాడు.

"మీకు మంచిదే అన్నా. మా వాడకట్టుకు?" ఆమెకు ఊపిరి అందడం లేదు. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. "మా యారాలు మొగిలమ్మను చూసినవా నువ్వు? చూడలే. మా బావ నర్సయ్య పెండ్లాం. పెండ్లినాడు బరాత్‌ల తాగినోళ్ళు ఎగురుకుంట ఎగురుకుంట లగ్నం దాటిచ్చిండ్రు. జీలకర్ర బెల్లం గడియ తప్పినంక పెట్టిండ్రు. ఏడాది తిరక్కముందే బావ కరెంటు మోటరుకాడ పోయిండు. తప్పు తాగినోళ్ళది. తీగ కరెంటోళ్ళది. పేరు మటుకు ఆమెకొచ్చింది. మొగుణ్ణి మింగిందన్నరు. ఎన్నేండ్లు బతికిందో అన్నేండ్లు ఒక్క పెండ్లిల పసుపు ముట్టనియ్యలే. నేను గూడ ముట్టనియ్యలే."

ఎల్లస్వామి తల వంచుకున్నాడు. అన్న చావు సంగతి బస్సులో నాకు చెప్పలేదు. ఆయన పంచాంగం పట్టింది అప్పణ్ణుంచేనని తర్వాత కొడుకు చెప్పాడు.

"అమ్మా, ఎవలేమన్నా నాకు ఫికర్ లేదు," అన్నాడు రమాకాంత్.

"నీకెందుకుంటది? అనేది నిన్ను గాదు. ఇయ్యాల దారం కడ్తవు, రేపో ఎల్లుండో నేను పోత. అడుగు పెట్టంగనే అత్తను మింగిందంటరు. లగ్నం లేని పెండ్లి, అందుకే అయిందంటరు. ఎవరంటరో గూడ నాకెరుకే. పేర్లు చెప్పమంటవా?" ఆమె పెదవులు కొంచెం వంకరపోయాయి. నవ్వే అనుకుంటాను. "పెండ్లి గాకుంట పోతే రోగంతోటి పోయిందంటరు. గట్లనే పోనియ్యి."

"అత్తమ్మా," అంది కీర్తన మంచం పక్కన కూర్చుంటూ.

"అప్పుడే అత్తమ్మ అనకు బిడ్డా."

"లగ్నాలు గిగ్నాలు మేము నమ్మం. నన్ను ఎవరేమన్నా పట్టిచ్చుకోను."

"నువ్వు నమ్మవు. నమ్మేటోళ్ళ నడుమ బతుకాలె." చిలుకమ్మ చెయ్యి ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. పిల్లే ఆ చెయ్యి పట్టుకుంది. చిలుకమ్మ మొగుడి వైపు తిరిగింది. "లింగం బాపూ, ఆ బుట్ట మూత పెట్టు. జీలకర్ర వాసనొస్తాంది, నాకు వాంతయితది."

ఎల్లస్వామి మూత పెట్టాడు.

పాస్టరు వచ్చాడు. చిన్నవాడే. సంగతి విని, పెళ్ళి ప్రార్థన కాక రోగుల కోసం చేసే ప్రార్థన చేసి, ఎవరినీ ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. చిలుకమ్మ కళ్ళు మూసుకునే విని, చివర్లో చేతులు జోడించింది.

మెట్ల దగ్గర ఎల్లస్వామి దేవదానం చెయ్యి పట్టుకున్నాడు. తల్లి పోతే కొడుక్కి ఏటి సూతకం. కొరివి పెట్టినవాడు సంవత్సరీకం దాకా పీటల మీద కూర్చోకూడదు. వైశాఖం కూడా ఇక లేదన్నమాట. ఇది దేవదానానికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు, రైల్వేలో అన్నిరకాల మనుషులతోనూ చేశాడు.

"ఏడాది ఆగుతరా బావా?"

దేవదానం మంచివాడు కాబట్టి వెంటనే అబద్ధం చెప్పలేకపోయాడు.

"మావోళ్ళు మొదలే సగం మనసుతోటి ఒప్పుకున్నరు. మా పిల్లకు ఇరవై తొమ్మిదేండ్లు వస్తయి. మా అక్క ఖమ్మం సంబంధం ఒకటి పట్టుకొని కూసున్నది. నేను మాటియ్య బావా. ఇచ్చి తప్పితే మంచిగుండది."

కీర్తన, రమాకాంత్ కిందిమెట్టు మీద దూరంగా నిలబడి ఉన్నారు. ఆ పిల్ల తెల్ల చీర కుచ్చిళ్ళు మట్టికి తగలకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. మార్తమ్మ ఆటో పిలిచింది. వాళ్ళు వెళ్ళిపోయారు. కొడుకు లోపలికి పోయాడు.

దవాఖానా గేటు ఎదురుగా టీకొట్టు బల్ల మీద మేమిద్దరం మిగిలాం. ఎల్లస్వామికి ఎవరో ఫోను చేసి ఇంటికి దర్వాజ ఎత్తడానికి దినం అడుగుతున్నారు. ఊళ్ళోవాళ్ళకు ఆయన అలా చెప్పడం అలవాటట. "మంగళారం వద్దు. బేస్తారం పెట్టుకో," అని చెప్పి పెట్టేశాడు. గొంతులో ఏ తేడా లేదు. అది చూసి నాకు భయం వేసింది.

టీ వచ్చింది. తాగలేదు.

"సారూ, మీరు మస్తు సదివినోళ్ళు. దేశాలు తిరిగినోళ్ళు. ఒక్కటి చెప్పుండ్రి. పెండ్లికి పుట్టిన చుక్క చూడాల్నా, పిలిచే పేరు చూడాల్నా?"

బస్సులో నేను మింగిన మాట అదే. పాత ముహూర్త గ్రంథాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. ఊరు మారడానికి, ఇల్లు కట్టడానికి, వ్యాపారానికి, తగాదాకు పేరును చూడమన్నాయి. పెళ్ళికీ, మిగతా శుభకార్యాలకూ పుట్టిన నక్షత్రమే, అది తెలిసి ఉంటే పేరును తలవనే వద్దన్నాయి. ఆ నక్షత్రాల మీద నాకు నమ్మకం లేదు. కానీ ఆయన అడిగింది నా నమ్మకం గురించి కాదు. ఆయన ఆటలో నియమం ఏమిటని అడిగాడు. నమ్మనివాణ్ణి కాబట్టి అబద్ధం చెప్పడం నాకు తేలికే. జనగామ అయ్య చెప్పిందే నిజమని అంటే ఆయనకు రాత్రి నిద్ర పడుతుంది. కొడుకును ఆ నైధనతార నుంచి తప్పించానని అనుకుంటాడు, భార్య పోయినా.

ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా. ఆయన నన్ను సూటిగా చూస్తున్నాడు. జీవితమంతా అయ్యగార్ల ముఖాల్లో దినం మంచిదో చెడ్డదో వాళ్ళు చెప్పకముందే పట్టుకున్న చూపు అది.

"పుట్టిన చుక్కే," అన్నాను. "అది తెలియనప్పుడే పేరు."

"గట్లయితే ఆ శుక్రారం..."

నేను టీగ్లాసులోకి చూశాను.

"మంచి దినమే," అన్నాడాయన తనలో తను.

బుట్ట బల్ల మీదే ఉంది. ఆయన లేచాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. నా వైపు తిరుగుతాడేమో, ఏమైనా అంటాడేమో అని నేనూ సగం లేచాను. తిరగలేదు. దవాఖానా గేటు ఇటువైపు ఉంటే ఆయన అటు, కాశిబుగ్గ రోడ్డు మీదికి నడిచాడు. ఆటోలు హారన్లు కొట్టాయి. పక్కకు తప్పుకోకుండా నడుస్తూ, చేతిలో ఫోను ఉన్నా దాని వంక చూడకుండా, మందిలో కలిసిపోయాడు.